పాత ఒమేగా కొనబోయి నేర్చుకున్నవి: కార్డు, సర్వీస్ బిల్లు, రిటర్న్ రూలు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ప్రీ-ఓన్డ్ వాచీ డీలర్ దగ్గర కొనొచ్చా, మోసపోతామా?" అని. ఒక్క ముక్కలో చెప్పేది కాదు కాబట్టి ఈరోజు ఒకే ఒక్క వాచీ కథ చెప్తాను. నేను 25,000 అడ్వాన్స్ ఇచ్చేసి, తర్వాత కళ్ళు తెరిచిన వాచీ అది.

2023 మే నెలలో మా అక్క పెళ్ళి. పెళ్ళికొడుక్కి వాచీ పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. బావకి డైవ్ వాచీలంటే పిచ్చి. కొత్త ఒమేగా అంటే మా బడ్జెట్ కాదు. నేనూ నాన్నా కలిపి రెండున్నర లక్షల పైన పెట్టగలం అనుకున్నాం. అందులో నాన్నది పీఎఫ్ డబ్బు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కొంచెం చెమటలు పడతాయి.

ఇన్‌స్టాగ్రామ్‌లో బెంగళూరు డీలర్ ఒకాయన పోస్ట్ కనపడింది. ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం, నల్ల డయల్, సెరామిక్ బెజెల్, 2014 కార్డు, బాక్సు, స్టీల్ బ్రేస్‌లెట్. ధర 2,60,000. కింద మూడు ముక్కలు రాసి ఉన్నాయి: ఫుల్ సెట్, ఫుల్లీ సర్వీస్డ్, 7 రోజుల రిటర్న్. పెళ్ళికి ఇంకా మూడు వారాలే ఉంది. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు సార్" అన్నాడు. వెంటనే యూపీఐలో 25,000 కొట్టేశాను. ఆ మూడు ముక్కల్లో ఒక్కదానికైనా అర్థం ఏంటని అడగలేదు. ఆ రాత్రే బస్సెక్కాను.

సరే, మొదటి ముక్క. ఫుల్ సెట్. అంటే బాక్సు, పేపర్లు అన్నీ ఉన్నాయని. కానీ పేపర్లు ఉండటం వేరు, ఆ పేపర్లు ఈ వాచీవే అవడం వేరు.

ఒమేగా వారంటీ కార్డు మీద రెండు నంబర్లు చూడాలి. ఒకటి రిఫరెన్స్ నంబరు, అంటే ఏ మోడలో చెప్పేది. రెండోది సీరియల్ నంబరు, అంటే ఆ మోడల్‌లో ఏ వాచీయో చెప్పేది. మన మొబైల్‌కి మోడల్ నేమ్, ఐఎంఈఐ ఉన్నట్టే. ఈ వాచీ రిఫరెన్స్ ఇది:

```
212.30.41.20.01.003
```

ఇది చదవడం వస్తే సగం పని అయిపోతుంది. 212 అంటే ఈ సీమాస్టర్ వరస. 30 అంటే స్టీల్ కేసు, స్టీల్ బ్రేస్‌లెట్. 41 అంటే కేసు 41 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చే 20 లోపలి మెషీన్ రకం గురించి. 01 అంటే నల్ల డయల్. చివరి 003 ఆ డిజైన్ వరస నంబరు. ఇప్పుడు ఇదే కార్డుతో ఎవరైనా రబ్బర్ స్ట్రాప్ ఉన్న వాచీ చూపించారనుకోండి, కార్డులో 30 ఉంది కాబట్టి దీనికి అసలు స్టీల్ బ్రేస్‌లెట్ రావాలి, అది ఎక్కడ అని అడగాలి. ఆ బ్రేస్‌లెట్ మళ్ళీ కొనాలంటే చిన్న ఖర్చు కాదు. డయల్ నీలంగా ఉండి కార్డులో 01 ఉంటే, లేదా కొలిస్తే 41 రాకపోతే, కార్డు వేరే వాచీదన్నా అయ్యుండాలి, వాచీలో పార్టులన్నా మారి ఉండాలి.

సీరియల్ ఎక్కడుంటుందంటే, కేసు వెనకపక్క, బెల్టు తగిలించే కొమ్ముల్లాంటి భాగం, లగ్ అంటారు, దాని మీద చాలా చిన్నగా లేజర్‌తో చెక్కి ఉంటుంది. మామూలు కంటికి గీతలా కనపడుతుంది. ఫోన్ మ్యాక్రో మోడ్ పెట్టి కిటికీ దగ్గర తీస్తే చదవొచ్చు. ప్రతి అంకె కార్డుతో పోల్చాలి. చివరి మూడంకెలు కలిశాయి కదా అని వదిలేయకండి. ఆ అంకెలు అరిగిపోయి, లగ్ అంచులు గుండ్రంగా మెత్తబడి ఉంటే వాచీని గట్టిగా పాలిష్ చేశారని అర్థం. పాలిష్ నేరం కాదు. కానీ పోయిన లోహం తిరిగి రాదు కాబట్టి ధర తగ్గాలి.

నేను చూసిన వాచీలో ఇవన్నీ సరిపోయాయి. ప్రతి అంకె కలిసింది. బ్రేస్‌లెట్ లింకులు మాత్రం రెండు తక్కువున్నాయి. ఫుల్ సెట్ అన్నారుగా అంటే "అందరికీ సరిపోతుంది సార్, మీ బావగారి మణికట్టు ఎంత?" అన్నాడు. బావ జిమ్ మనిషి. అది కూడా నేను ముందు అడగాల్సిన ప్రశ్నే.

ఒక చిన్న పక్క మాట. పేపరు ఎంత పెద్ద చోటు నుంచి వచ్చినా పేపరే. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 30 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి అమ్ముడైంది. 2023లో ఒమేగానే బయటికొచ్చి, అది రకరకాల పార్టులు కలిపి కట్టిన వాచీ అని, తమ మాజీ ఉద్యోగుల హస్తం ఉందని చెప్పింది. అంత పెద్ద వేలంలోనే వాచీ దారి తప్పితే మన 2014 కార్డు ఎంత. కార్డు కలిస్తే "వాచీ బయటి భాగం, కార్డు ఒకటే" అని మాత్రమే తెలుస్తుంది. లోపల ఏముందో కార్డు చెప్పదు.

ఇంకోటి. కార్డు మీద తేదీ మొదటి ఓనర్ కొన్న తేదీ. వారంటీ అక్కడి నుంచే లెక్క. ఒమేగా 2018 నవంబరు నుంచి 5 ఏళ్ళ వారంటీ ఇస్తోంది. కాబట్టి రెండేళ్ళ పాత వాచీ కొంటే మూడేళ్ళు మిగులుతుంది, అది నిజంగా విలువైన కార్డు. 2014 కార్డు వారంటీ పరంగా జ్ఞాపిక.

ఇప్పుడు రెండో ముక్క, నా డబ్బు దాదాపు పోగొట్టిన ముక్క. ఫుల్లీ సర్వీస్డ్.

మెకానికల్ వాచీలో సర్వీస్ అంటే పైపైన తుడవడం కాదు. మెషీన్ మొత్తం విప్పాలి, కడగాలి, కొత్త ఆయిల్ వెయ్యాలి, అరిగినవి మార్చాలి, నీళ్ళు రాకుండా ఆపే రబ్బరు వాషర్లు మార్చాలి, టైమ్ సరిచెయ్యాలి, చివర్లో ప్రెషర్ టెస్ట్ చెయ్యాలి. డైవ్ వాచీ అయితే ఈ చివరి టెస్ట్ లేకుండా డయల్ మీద 300 మీటర్లు అని రాసున్నా బకెట్లో కూడా ముంచొద్దు. పదేళ్ళ నాటి వాషర్‌కి డయల్ మీద రాసింది తెలీదు.

ఇదంతా జరిగితే ఒక బిల్లు ఉంటుంది. దాని మీద తేదీ, వాచీ సీరియల్, ఏం చేశారు, ప్రెషర్ టెస్ట్ అయిందా, ఎన్నాళ్ళ గ్యారంటీ. ఒమేగా దగ్గరే కంప్లీట్ సర్వీస్ చేయిస్తే ఆ పనికి 2 ఏళ్ళ వారంటీ ఇస్తారు. బయటి మంచి మెకానిక్ చేసినా పర్లేదు, కానీ బిల్లు మీద సీరియల్ ఉండాలి. సీరియల్ లేని సర్వీస్ బిల్లు ఏ వాచీదైనా కావొచ్చు.

బిల్లు చూపించండి అన్నాను. "మా సొంత వర్క్‌షాప్‌లో చేశాం సార్, బిల్లు ఎందుకు, రీడింగ్ చూడండి" అని ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. అది టైంగ్రాఫర్ అనే మెషీన్ స్క్రీన్. అందులో మైక్ ఉంటుంది, వాచీ టిక్ టిక్ శబ్దం విని అంకెలు చెప్తుంది. స్క్రీన్ మీద ఇలా ఉంది:

```
RATE  +6 s/d   AMPLITUDE  301
LIFT  52       BEAT  25200
```

మొదటిది, రోజుకి 6 సెకన్లు ముందుకు పోతోంది. బాగుంది. సర్టిఫైడ్ క్రోనోమీటర్‌కి కొలత రోజుకి మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల మధ్య. రెండోది యాంప్లిట్యూడ్. వాచీ లోపల ఒక చిన్న చక్రం ఊయలలా అటూ ఇటూ ఊగుతుంటుంది, దాన్ని బ్యాలెన్స్ వీల్ అంటారు. మధ్యలో ఆగే చోటు నుంచి ఒక పక్కకి అది ఎన్ని డిగ్రీలు తిరుగుతోందన్నదే యాంప్లిట్యూడ్. ఫుల్‌గా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి కొలిస్తే 270, 300 ఆ ప్రాంతంలో ఉంటే ఆరోగ్యం. ఆయిల్ ఎండిపోతే ఊయలకి బలం తగ్గినట్టు ఈ అంకె పడిపోతుంది. 301 అంటే సూపర్. నేను కూడా ఓకే అనేసి ఉండేవాణ్ణి.

కానీ మూడో అంకె చూడండి. లిఫ్ట్ 52.

మెషీన్‌కి చక్రం కనపడదు, శబ్దం మాత్రమే వినపడుతుంది. టిక్‌లో మొదటి చప్పుడుకీ చివరి చప్పుడుకీ మధ్య టైమ్ కొలుస్తుంది. ఆ టైమ్‌లో చక్రం ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో మనమే చెప్పాలి. అదే లిఫ్ట్ యాంగిల్. కోడ్ రాసేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది ఎవరో హార్డ్‌కోడ్ చేసి వదిలేసిన కాన్‌స్టంట్. మెషీన్ ఆన్ చేయగానే డిఫాల్ట్ 52 ఉంటుంది, ఎందుకంటే చాలా స్విస్ మెషీన్లకి అది దగ్గరగా సరిపోతుంది. కానీ ఈ వాచీలో ఉన్నది ఒమేగా క్యాలిబర్ 2500, కో-యాక్సియల్ అనే వేరే డిజైన్. దానికి పెట్టాల్సింది 38.

తప్పు అంకె పెడితే ఏమవుతుంది? యాంప్లిట్యూడ్ దాదాపు అదే నిష్పత్తిలో పెరిగి కనపడుతుంది. వెనక్కి లెక్కేస్తే:

```
301 × 38 / 52 ≈ 220
```

220. సర్వీస్ అయి బయటికొచ్చిన వాచీకి ఇది రావాల్సిన అంకె కాదు.

బస్సులో రాత్రి నిద్రపట్టక ఈ మెషీన్ గురించి చదివాను కాబట్టి నాకు తట్టింది. "సార్, లిఫ్ట్ 38 పెట్టి నా ముందు ఒకసారి కొలవండి, ఫుల్ కీ ఇచ్చి" అన్నాను. ఆయన నిజాయితీగానే పెట్టాడు, అది ఒప్పుకోవాలి. డయల్ పైకి పెడితే 222 వచ్చింది. కిరీటం కిందికి, అంటే చేతికి ఉన్నప్పుడు వేలాడినట్టు నిలబెడితే 195. ఆయన ముఖంలో కూడా ఆశ్చర్యం కనపడింది. ఆయన మోసం చేశాడని నేను అనను, ఆయన కుర్రాళ్ళు డిఫాల్ట్ మార్చకుండా ఫోటోలు తీస్తున్నారేమో. కానీ ఆయిల్ కొత్తగా వేసిన వాచీ ఇలా ఉండదు.

"టైమ్ కరెక్ట్‌గానే చూపిస్తోందిగా సార్" అన్నాడు. ఇక్కడే చాలామంది పడిపోతారు. ఆయిల్ ఎండినా టైమ్ సరిగ్గా చూపించొచ్చు. కానీ లోపల లోహం మీద లోహం రుద్దుకుంటూ అరుగుతుంది. బైక్ ఇంజిన్ ఆయిల్ లేకుండా కూడా కొన్ని కిలోమీటర్లు పోతుంది కదా, అలా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, టైంగ్రాఫర్‌తో అన్నీ తెలియవు. యాంప్లిట్యూడ్ బాగున్నంత మాత్రాన ప్రెషర్ టెస్ట్ పాసైనట్టు కాదు, అసలు పార్టులే ఉన్నట్టూ కాదు. తక్కువ వస్తే అనుమానించాలి, ఎక్కువ వస్తే బిల్లు అడగాలి.

ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ఈ మోడల్ కంప్లీట్ సర్వీస్ అంచనా అడిగాను. ట్యాక్స్ కాకుండా 62,000 చెప్పారు. అంటే 2,60,000 వాచీ అసలు ధర నాకు 3,22,000 పైన.

ఇక మూడో ముక్క. 7 రోజుల రిటర్న్.

అప్పటికి నాకు ఒక ఆలోచన వచ్చింది. కొనేసి, సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించి, వాళ్ళు బాలేదంటే ఏడు రోజుల్లో వెనక్కి ఇచ్చేద్దాం అని. బిల్లు ఫార్మాట్ చూపించమన్నాను. వెనకపక్క చిన్న అక్షరాల్లో ఏముందంటే, రిటర్న్ చేస్తే డబ్బు కాదు, స్టోర్ క్రెడిట్. 10 శాతం కోత. వాచీ వెనక మూత తెరిస్తే రిటర్న్ చెల్లదు. రోజులు లెక్క బిల్లు తేదీ నుంచి.

మూడో షరతు ఒకసారి ఆలోచించండి. మూత తెరవకుండా లోపలి మెషీన్ ఎవడూ చూడలేడు. మూత తెరిస్తే రిటర్న్ పోతుంది. అంటే లోపలి లోపం కనిపెట్టగానే లోపం చూపించే హక్కు పోతుంది. కొరియర్‌లో తెప్పించుకుంటే ఇంకా తమాషా: బిల్లు తేదీ నుంచి లెక్క కాబట్టి దారిలోనే మూడు రోజులు పోతాయి, సర్వీస్ సెంటర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి మిగతావి అయిపోతాయి. అందులో 10 శాతం అంటే 26,000. మిగిలింది ఆయన దగ్గరే ఖర్చు పెట్టాలి.

నేను అడిగింది ఒకటే. ఈ నాలుగు లైన్లు బిల్లు మీద రాయండి, ఇప్పుడే మిగతా డబ్బు కడతాను అని. మీరు కూడా ఇలాగే వాట్సాప్‌లో పంపి "ఓకే" తెప్పించుకుని, తర్వాత బిల్లు మీద ఎక్కించమనండి:

"వాచీ రిఫరెన్స్, సీరియల్ బిల్లు మీద ఉంటాయి. అన్ని పార్టులు ఒరిజినల్ అని, ఫలానా తేదీన కంప్లీట్ సర్వీస్ అయిందని బిల్లు మీద ఉంటుంది. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో మూత తెరిచి చెక్ చేయించుకోవచ్చు, దానివల్ల రిటర్న్ పోదు. వాచీ నా చేతికి అందిన రోజు నుంచి 10 రోజుల్లో వాళ్ళ రిపోర్టు తేడా చెప్తే పూర్తి డబ్బు, అదే బ్యాంక్ అకౌంట్‌కి."

మొదటి లైన్‌కి ఓకే అన్నాడు. రెండో లైన్‌లో సర్వీస్ తేదీ దగ్గర ఆగిపోయాడు. మూడో లైన్‌కి "మా పాలసీ కాదు సార్" అన్నాడు. నేను లేచాను. "అడ్వాన్స్ నాన్-రిఫండబుల్ సార్" అన్నాడు. డబ్బు కొట్టేటప్పుడు ఆ మాట ఎక్కడా లేదు.

తిరుగు బస్సులో నాన్నకి ఫోన్ చేసి చెప్పడం ఈ కథలో అన్నింటికన్నా కష్టమైన భాగం. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మిగతాది కట్టలేదు కదా" అన్నారు.

అడ్వాన్స్ కోసం ఏం చేశానో చెప్తాను, ఎందుకంటే మీలో ఎవరికో పనికొస్తుంది. పోస్ట్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది, "ఫుల్లీ సర్వీస్డ్" అని అందులో ఉంది. ఆయన షాపులో కొలిచిన రీడింగ్ ఫోటో ఆయన అనుమతితోనే తీసుకున్నాను. రెండూ పెట్టి ఈమెయిల్ రాశాను: మీరు చెప్పిన వస్తువు వేరు, చూపించిన వస్తువు వేరు, కాబట్టి అడ్వాన్స్ వెనక్కి ఇవ్వండి అని. వారం ఆగాను. జవాబు లేదు. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. వాళ్ళు తీర్పు ఇవ్వరు, కోర్టు కాదు, డీలర్‌కి పంపి మాట్లాడతారంతే. 19 రోజులకి 25,000 వచ్చింది. వాట్సాప్‌లో బ్లాక్ కూడా వచ్చింది.

చట్టం సంగతి రెండు ముక్కలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) ఉంది. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కింద లెక్క. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. కానీ అది లోపం ఉన్న వస్తువుకే. "ఇంటికెళ్ళాక నచ్చలేదు" అనడానికి చట్టం తోడు రాదు, అక్కడ డీలర్ రాసిచ్చిన షరతే దిక్కు. అలాగే 2 లక్షలు, ఆ పైన క్యాష్‌లో తీసుకోవడం డీలర్‌కి చట్టం ఒప్పదు. క్యాష్ ఇస్తే తగ్గిస్తానంటే మీ దగ్గర మిగిలే రుజువు కూడా తగ్గుతుందని అర్థం చేసుకోండి.

పెళ్ళికి బావకి టైటాన్ పెట్టాం. బాగానే మురిసిపోయాడు, ఈ కథేదీ అప్పటికి తెలీదు.

అదే మోడల్ మళ్ళీ డిసెంబరులో దొరికింది, ముంబై డీలర్ దగ్గర. ధర 2,95,000. ముప్పై ఐదు వేలు ఎక్కువ. కానీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ బిల్లు ఉంది, పోయిన ఏడాదిది, సీరియల్‌తో సహా, ప్రెషర్ టెస్ట్ రాసి ఉంది, సర్వీస్ వారంటీ ఇంకా ఏడాది పైన మిగిలింది. లిఫ్ట్ 38 పెట్టి వీడియో పంపమంటే పంపాడు: 284. కార్డు మాత్రం లేదు, పోయిందట. ఫుల్ సెట్ కాదు. అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని తెలిసే తీసుకున్నాను. కార్డు లేనప్పుడు దొంగ సొత్తు అనుమానం ఉంటుంది కాబట్టి సీరియల్‌ని లండన్‌లోని ది వాచ్ రిజిస్టర్ అనే పోయిన వాచీల డేటాబేస్‌లో డబ్బు కట్టి వెతికించాను, నమోదు ఏమీ లేదు. నా నాలుగు లైన్లకి ఆయన మూడింటికి ఒప్పుకున్నాడు. పది రోజులు కాదు, ఏడు అన్నాడు, చేతికి అందిన రోజు నుంచి. సరే అన్నాను. పార్సిల్ విప్పేటప్పుడు లేబుల్ నుంచి లగ్ మీద సీరియల్ దాకా ఒకే షాట్‌లో వీడియో తీశాను. నాలుగో రోజు హైదరాబాద్ సర్వీస్ కౌంటర్‌లో చూపించి, సీరియల్ వాళ్ళ బిల్లుతో కలుస్తోందని చెప్పించుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.

మొదటి సంక్రాంతికి అక్కా బావా వచ్చినప్పుడు నాన్న చేత్తో ఇప్పించాం. బావ పెట్టుకోగానే అన్న మొదటి మాట, "బ్రేస్‌లెట్ టైట్‌గా ఉంది రా" అని. ఈసారి లింకులన్నీ ఉన్నాయి. డబ్బాలోంచి రెండు తీసి కలిపాం.

మీరు చూస్తున్న వాచీ రిఫరెన్స్ నంబరు కామెంట్‌లో పెట్టండి. సీరియల్ మాత్రం పెట్టకండి, ఎవడో దానితో కార్డు తయారుచేస్తాడు. వచ్చే వారం క్వార్ట్జ్ వాచీలు, బ్యాటరీ లీకయితే లోపల ఏమవుతుందో చూద్దాం. ఉంటాను.